బాలింత ఇంటి బిందె

కదిరప్ప సారు లెక్కల క్లాసు మొదలుపెడితే పక్క గదిలో ఫిజిక్సు చెప్పుకునే నేను నోరు మూసుకోవాల్సిందే. కళ్యాణదుర్గంలో మా ప్రైవేటు జూనియర్ కాలేజీకి గదులు తక్కువ. ఉన్న పెద్ద గదినే రేకుతో రెండుగా చేసి, ఇటు నన్నూ అటు ఆయన్నీ పడేశారు. ఆయనది పొలంలో ఎద్దుల్ని అదిలించే గొంతు. నా పిల్లలు ఓమ్ నియమం రాసుకుంటూ ఆయన లెక్కలు వినేవాళ్లు. బయ్యన్న సారు క్లాసులో, అంటే నా క్లాసులో, కూర్చుంటే రెండు సబ్జెక్టులు వస్తాయని ఊళ్లో ఒక హాస్యం కూడా పుట్టింది. నాకది నచ్చేది కాదు, అయినా ఏం చేస్తాను? నేను కూడా వినేవాణ్ణి.

ఆయనది కంబదూరు దగ్గర పల్లె. వానొస్తే వేరుశనగ, రాకపోతే అదీ లేదు. మనిషి సన్నగా, నల్లగా, చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుని ఉండేవాడు. జోకులు వేయడు, వేస్తే నవ్వడు. కానీ లెక్కలంటే వణికిపోయే పిల్లల్ని గట్టెక్కించడంలో జిల్లాలో ఆయన తర్వాతే ఎవరైనా. అది మాత్రం ఒప్పుకోవాలి. ఆయన మీద నాకున్న కోపాలు వేరే.

గట్టెక్కించింది ఆయన బిందెల వరస. ఇంటర్ రెండో ఏడాదిలో బై పార్ట్స్ అని ఒక పాఠం ఉంటుంది. పుస్తకంలో విభాగ సమాకలనం అని రాస్తారు. రెండు పదాలు గుణించుకుని ఉంటే, వాటిని కలిపి సమాకలనం చేయడానికి ఒకదాన్ని అవకలనం చేస్తాం, రెండోదాన్ని సమాకలనం చేస్తాం. దేన్ని ఏం చేయాలన్నదే చిక్కంతా. x ఒకటి, e పవర్ x ఒకటి ఉన్నాయనుకోండి. x ను అవకలనం చేస్తే ఒకటై కూర్చుంటుంది, లెక్క అయిపోతుంది. అదే తిరగేసి x ను సమాకలనం చేస్తే x స్క్వేర్ అవుతుంది, లెక్క ముందుకన్నా లావెక్కుతుంది. ఏది ఎంచుకోవాలో గుర్తుండడానికి లియేట్ అని ఒక చిట్కా ఉంది. లాగరిథం, ఇన్వర్స్ ట్రిగనామెట్రీ, ఆల్జీబ్రా, ట్రిగనామెట్రీ, ఎక్స్‌పొనెన్షియల్. ఈ వరసలో ముందున్నదాన్ని అవకలనం చేయాలి, వెనకున్నదాన్ని సమాకలనం చేయాలి. కొందరు మొదటి రెంటినీ అటూ ఇటూ మార్చి ఐలేట్ అంటారు. ఆ రెండూ ఒకే లెక్కలో ఎదురుపడడం అరుదు కాబట్టి ఎవరు ఎట్లా అన్నా పెద్దగా నష్టం లేదు.

కదిరప్ప సారు ఈ అయిదింటినీ బోర్డు మీద బిందెలుగా గీసేవాడు. ట్యాంకరు వచ్చిందంటే బిందెలు వరసలో ఉండాలి కదా, అలాగే ఇవీ అనేవాడు. ముందున్న లాగరిథం ముసలవ్వ, ఎక్కువసేపు నిలబెట్టలేం. అవకలనం చేస్తే ఒకటి బై x అయి చల్లగా కూర్చుంటుంది. చివరనున్న e పవర్ x కొత్త కోడలు, ఎంతసేపు నిలబెట్టినా, అవకలనం చేసినా సమాకలనం చేసినా, మొహం మారదు. అందుకని చివర్న నిలబడినా ఫరవాలేదు. ఈ ముక్క విన్నాక పిల్లలు మరిచిపొమ్మన్నా మరిచిపోయేవాళ్లు కాదు. పశువులు కాసుకుంటూ చదివిన పిల్లలు కూడా పబ్లిక్ పరీక్షలో బై పార్ట్స్ లెక్క రాసి వచ్చేవాళ్లు.

ఆయనకు వరస అంటే చిట్కా మాత్రమే కాదు. ఒకసారి టీ తాగుతూ చెప్పాడు. చిన్నప్పుడు కరువు ఏడాది వాళ్ల పల్లెలో ఒకే బావిలో నీళ్లున్నాయట. తెల్లారకముందే బిందెలు వరసలో పెట్టి ఆడవాళ్లు కూర్చునేవాళ్లు. బాలింత ఉన్న ఇంటి బిందెను మాత్రం ముందుకు పంపడం ఆచారం. ఒకరోజు వాళ్లమ్మ రామసుబ్బమ్మ వంతు వచ్చేసరికి, ఊళ్లో పెద్దింటి జీతగాడు వచ్చి, మా ఇంట్లో బాలింత ఉందని చెప్పి బిందెల మీద బిందెలు ముందుకు తోశాడు. ఆ ఇంట్లో బాలింతా లేదు, పురిటి బిడ్డా లేదు. అందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తలేదు. బావి అడుగంటింది. రామసుబ్బమ్మ ఖాళీ బిందెతో ఇంటికి వచ్చి, కొడుకు చూస్తుండగా దాన్ని బోర్లించి దాని మీద కూర్చుని ఏడ్చింది. వరస ఉంటేనే పేదోడికి గుక్కెడు నీళ్లు, లేకుంటే లేదు బయ్యన్నా, అన్నాడాయన. నేను సరేనన్నాను. అంత బాధలోంచి వచ్చిన మాటకు ఎదురు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

షాహిస్తా మా కాలేజీలో చేరింది తొంభై ఎనిమిదిలో. వాళ్ల నాయన హజరత్ వలికి బస్టాండు వెనక బోరు మోటార్లకు వైండింగు కట్టే అంగడి ఉండేది. బోర్లు ఎండిపోతున్న కొద్దీ మోటార్లు కాలిపోయేవి, ఆ అంగడి మాత్రం పచ్చగా ఉండేది. ఈ పిల్ల తక్కువ మాట్లాడేది. లెక్కలో మాత్రం ఏదో కదులుతున్నట్టు కళ్లు చిట్లించి చూసేది. నా క్లాసులో కూడా నేను అడగబోయే ప్రశ్నకు ముందే జవాబు రాసి పెన్ను కింద పెట్టేది. అది చూస్తే నాకు ఆనందమూ వేసేది, కాస్త భయమూ వేసేది.

రెండో ఏడాదిలో ఒకరోజు రేకు గోడ అవతల కదిరప్ప సారు ఒక లెక్క ఇచ్చాడు. x క్యూబ్ ఇంటూ e పవర్ x స్క్వేర్. మామూలుగా వరస చూసి x క్యూబ్‌ను అవకలనం చేద్దామనుకుంటే, e పవర్ x స్క్వేర్‌ను ఒంటరిగా సమాకలనం చేయాలి. అది మనకు తెలిసిన ఏ రూపంలోకీ రాదు. అందుకే సారు పద్ధతి ఏమిటంటే, ముందు x స్క్వేర్‌ను t అనుకోవాలి. అప్పుడు లెక్క సగం t ఇంటూ e పవర్ t అవుతుంది. దానికి వరస చక్కగా సరిపోతుంది. ఇది సరైన దారే, పుస్తకంలో ఉన్న దారే.

షాహిస్తా లేచి తను చేసింది చదివింది. t జోలికి పోలేదు. x క్యూబ్‌ను x స్క్వేర్, x అని రెండుగా విరిచింది. ఆ ఒక్క x ను తీసుకెళ్లి e పవర్ x స్క్వేర్ పక్కన పెట్టింది. x తోడుంటే అది సమాకలనానికి లొంగుతుంది, సగం e పవర్ x స్క్వేర్ అవుతుంది. మిగిలిన x స్క్వేర్‌ను అవకలనం చేసింది. రెండు లైన్లలో జవాబు వచ్చేసింది. సగం e పవర్ x స్క్వేర్ ఇంటూ, x స్క్వేర్ మైనస్ ఒకటి. సారు జవాబూ అదే.

x క్యూబ్‌ను విరవమని నీకెవరు చెప్పినారని ఆయన అడిగాడు. ఎవరూ చెప్పలేదు సార్ అంది. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. పదహారేళ్ల పిల్ల, తను కనుక్కున్నదాన్ని సారు భాషలోనే చెప్పి మెప్పు పొందాలనుకుంది.

"దానికి ఒంటిగా చేతకాదు సార్. బాలింత ఇంటి బిందెను ముందుకు పంపుతాం కదా, అట్ల దానికొక x ఇచ్చి ముందు దాని పని చూసినా."

క్లాసు నవ్వింది. రేకు గోడ ఇవతల నా క్లాసు కూడా నవ్వింది. కదిరప్ప సారు నవ్వలేదు. ఆయన గొంతు వినపడింది, ఈసారి గట్టిగా కాదు.

"బాలింత ఉండాదని చెప్పి దాటిపోయినోళ్లను నేను చూసినా. నా క్లాసులో వరస దాటినోళ్లకు మార్కుల్లేవు. కూర్చో."

పిల్ల కూర్చుంది. ప్రీఫైనల్ పరీక్షలో అలాంటి లెక్కే ఇచ్చాడు. షాహిస్తా మళ్లీ తన దారిలోనే చేసింది. జవాబు సరిగ్గా ఉంది. ఆయన ఆ లెక్క మీద అడ్డంగా గీత కొట్టి సున్నా వేశాడు. స్టాఫ్ రూములో నేను గొడవ పెట్టుకున్నాను. జవాబు సరైనదైతే దారితో నీకేం పనప్పా అన్నాను. వాల్యుయేషన్ క్యాంపులో పేపరు దిద్దేవాడు కట్టలు కట్టలు దిద్దుతాడు, తెలిసిన దారి కనబడితే మార్కు వేస్తాడు, కొత్త దారి కనబడితే గీత కొడతాడు, ఈ పిల్లకు ఇప్పుడే బుద్ధి వస్తే మంచిది అన్నాడాయన. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ ఆ సున్నా వాల్యుయేషన్ క్యాంపు కోసం వేసింది కాదని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఆ తర్వాత షాహిస్తా వరస దాటలేదు. ప్రతి లెక్క మీదా మొదట అయిదు బిందెలు గీసి, ఏది ముందో చూసి, అదే పద్ధతిలో చేసేది. పబ్లిక్‌లో మంచి మార్కులు వచ్చాయి. కదిరప్ప సారు స్వీట్లు పంచాడు. నేనూ తిన్నాను. నాకు మాత్రం ఆ పిల్ల కళ్లు చిట్లించడం మానేసినట్టు అనిపించింది. ఆ పిల్ల పెద్ద పరీక్షలు ఏవైనా రాస్తుందని నేను ఆశపడ్డాను. ఆమె మాత్రం అనంతపురంలో బీఎస్సీ, తర్వాత ఎమ్మెస్సీ చేసి, అక్కడే ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కల లెక్చరరుగా చేరింది. ఆ పిల్ల ఇంకెంత దూరమో పోయేదని నేను ఇప్పటికీ నమ్ముతాను. నా నమ్మకానికి సాక్ష్యం ఏమీ లేదు, రేకు గోడ అవతలి నుంచి విన్న రెండు లైన్ల లెక్క తప్ప.

రెండు వేల ఏడు నాటికి మా కాలేజీ పని అయిపోయింది. పిల్లలంతా అనంతపురం హాస్టళ్లకు వెళ్లిపోతున్నారు. ఈ ఏడాదితో లెక్కల గ్రూపు మూసేస్తామని యాజమాన్యం చెప్పేసింది. నాకు సొంతూళ్లో కాస్త భూమి ఉంది. కదిరప్ప సారుకు చాక్‌పీసు తప్ప వేరే ఆధారం లేదు. నలభై ఏడేళ్ల వయసులో ఆయన్ని ఎవరు తీసుకుంటారు? అప్పుడు షాహిస్తా ఫోను చేసింది. మా కాలేజీలో ఒక ఖాళీ ఉంది, ప్రిన్సిపాలుతో మాట్లాడాను, సారు వచ్చి ఒక డెమో క్లాసు చెబితే చాలు అంది. ఆయన మొహం ఆ రోజు వెలిగినట్టు నేను ఎప్పుడూ చూడలేదు. ఏం పాఠం చెబుతావని అడిగితే, బిందెలు, అన్నాడు.

తోడు రమ్మంటే వెళ్లాను. నాలుగంతస్తుల మేడ. ఆ క్లాసులో పిల్లలు మా కాలేజీ మొత్తం మీద ఉన్నంత మంది ఉన్నారు. నన్ను చివరి బెంచీలో కూర్చోబెట్టారు. పక్కన షాహిస్తా, మార్కులు వేయడానికి ఒక కాగితంతో. అవతల ప్రిన్సిపాలు. షాహిస్తా లేచి సారుకు నమస్కారం పెట్టింది. తర్వాత తల దించుకుని కూర్చుంది.

పాఠం అద్భుతంగా సాగింది. కొత్త కోడలి ముక్క దగ్గర పిల్లలు పడిపడి నవ్వారు. ప్రిన్సిపాలు కూడా నవ్వాడు. ఇక ఉద్యోగం వచ్చేసిందని నేను లోపల లెక్కలు వేసుకుంటున్నాను. ఇంతలో మొదటి బెంచీలోని ప్రణీత్ అనే కుర్రాడు లేచి ఒక లెక్క అడిగాడు. డెమోకు వచ్చిన సారును గట్టి లెక్కతో పరీక్షించమని పిల్లలకు ముందే చెప్పి ఉంచుతారట. అక్కడ అది రివాజు.

లెక్క ఇది. పైన x స్క్వేర్. కింద, x సైన్ x ప్లస్ కాస్ x, మొత్తం స్క్వేరు.

కదిరప్ప సారు బోర్డు మీద రాసుకుని వరస చూశాడు. ఆల్జీబ్రా ముందు, ట్రిగనామెట్రీ వెనక. x స్క్వేర్‌ను అవకలనం చేస్తానన్నాడు. అలాగైతే కిందిదాన్ని ఒంటరిగా సమాకలనం చేయాలి. అది ఒంటరిగా లొంగేది కాదు. ఏదో ఒకటి t అనుకుని చూశాడు, కుదరలేదు. చెరిపాడు. మళ్లీ అదే వరస, మళ్లీ అదే గోడ. పిల్లలు గుసగుసలాడడం మొదలైంది. చాక్‌పీసు ఆయన వేళ్ల మధ్య పొడి అవుతోంది. నేను ఫిజిక్సు వాణ్ణి, నాకు ఆ లెక్క రాదు. వచ్చి ఉంటే లేచి అరిచేవాణ్ణి.

అప్పుడాయన ఒక పని చేశాడు. అంత గర్విష్ఠి అలా అడుగుతాడని నేను అనుకోలేదు. నాకు తోచడం లేదు, మీలో ఎవరికైనా వస్తుందా అని అడిగాడు.

మూడో బెంచీలో ఒక అమ్మాయి చెయ్యి సగం లేచింది. లేచిన చెయ్యి అలాగే ఉండగా వెనక్కి తిరిగి షాహిస్తా వైపు చూసింది. మెల్లగా చెయ్యి దించేసుకుంది. కదిరప్ప సారు అదంతా చూశాడు. తర్వాత ఆయనా షాహిస్తా వైపే చూశాడు. ఆమె మార్కుల కాగితం మీద నుంచి తల ఎత్తలేదు. ఆయన బోర్డు శుభ్రంగా తుడిచి, చేతులు దులుపుకుని, వస్తానని చెప్పి బయటికి వచ్చేశాడు. కబురు చేస్తామని ప్రిన్సిపాలు మర్యాదగా అన్నాడు. ఆ మర్యాదకు అర్థం మా ఇద్దరికీ తెలుసు.

బస్టాండులో కళ్యాణదుర్గం బస్సు కోసం నిలబడి ఉండగా షాహిస్తా ఆటో దిగి పరుగున వచ్చింది. ఏడ్చినట్టుంది. సారుకు ఏం చెప్పాలో తెలియక లెక్క చెప్పడం మొదలుపెట్టింది. పైనా కిందా ఒక కాస్ x పెట్టుకోవాలి సార్, పైనున్న x స్క్వేర్‌ను రెండు x లుగా విరవాలి, ఒక x కాస్ x ను కిందిదానికి తోడు ఇవ్వాలి అంది. సారు అంతవరకే విన్నాడు. మిగతాది ఆయనే అందుకున్నాడు. x సైన్ x ప్లస్ కాస్ x ను అవకలనం చేస్తే వచ్చేది సరిగ్గా x కాస్ x. కాబట్టి అది తోడుంటే కిందిది సులువుగా లొంగుతుంది, మైనస్ ఒకటి బై ఆ మొత్తం అవుతుంది. మిగిలిన x బై కాస్ x ను అవకలనం చేస్తే కిందున్నదంతా కొట్టేసుకుపోయి సెక్ స్క్వేర్ ఒక్కటే మిగులుతుంది. దాని సమాకలనం టాన్ x. అయిపోయింది.

బస్సుల హారన్ల మధ్య ఆయన అరచేతి మీద వేలితో ఆ లెక్క మళ్లీ రాసుకున్నాడు. ఏది ముందో చూడడం కాదు, ఏది ఒంటరిగా లొంగదో చూసి దానికి తోడు ఇవ్వడం. తొంభై తొమ్మిదిలో ఒక పిల్ల ఆయన ముందు నిలబడి చెప్పింది ఇదే.

"అంటే ఆ పొద్దు నువ్వు x క్యూబ్‌ను విరిచినట్టేనా అమ్మా."

"అవును సార్. అదే."

"నీకు తెలిసి గూడా ఆడ ఎందుకు చెప్పలేదు?"

ఆమె సారును నొప్పించకుండా మాట ఎలా అనాలో వెతుక్కుంటున్నట్టుంది. చివరికి ఉన్నదున్నట్టే చెప్పింది.

"మీరు బోర్డు కాడ ఉంటే నాకు నోరు రాదు సార్. ఆ పొద్దు కూర్చోమన్నారు కదా, మళ్ల లేసేది నాకు చేతగాలేదు."

ఆయన తల వంచుకున్నాడు. తప్పు నాదమ్మా, ఆ లెక్కకు మార్కులు వేయాల్సిందే అన్నాడు. ఆ మాట కోసం ఆ పిల్ల ఎనిమిదేళ్లు ఆగింది. విని సంతోషించలేదు. కొంగుతో మొహం తుడుచుకుంది.

"మార్కులకేముంది సార్. చెయ్యెత్తిన పిల్లను చూసినారు కదా, లహరి. పోయిన నెలలో నా క్లాసులో ఇట్లే వరస దాటి చేసింది. సిలబస్ అయిపోవాల, టైము లేదు. వరసలో రాయి, కూర్చో అన్నా. మీ మాటే సార్ నా నోట్లోంచి వచ్చింది."

ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అని మనవాళ్లు ఊరికే అనలేదు. ఆ మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. కదిరప్ప సారు మొహం చూసి మింగేశాను. ఉద్యోగం పోయినప్పుడు కూడా ఆ మొహం అలా లేదు. ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టి, రేపే ఆ పిల్లను బోర్డు దగ్గరికి పిలిచి ఈ లెక్క చేయించు, నీకింకా టైముంది అన్నాడు. చేయిస్తాను సార్ అంది. చేయించిందో లేదో నాకు తెలియదు. అడగడానికి భయపడి నేనెప్పుడూ అడగలేదు.

మరుసటి రోజు కదిరప్ప సారు మామూలుగా కాలేజీకి వచ్చాడు. ఆ ఏడాది మిగిలిన కొద్దిమంది పిల్లలే మా చివరి బ్యాచి. రేకు గోడ అవతల బోర్డు మీద x క్యూబ్ ఇంటూ e పవర్ x స్క్వేర్ రాసినట్టున్నాడు. ఇది వరస దాటి కూడా చేయవచ్చు, ఎవరైనా చేయండి, తప్పయినా ఫరవాలేదు, మార్కులు వేస్తాను అని చెప్పాడు. నేను నా క్లాసు ఆపి విన్నాను. అవతల పెన్నుల చప్పుడు వినిపించింది. ఆయన బెంచీల మధ్య తిరుగుతున్నాడు, చెప్పుల చప్పుడు ఒక్కో బెంచీ దగ్గరా ఆగుతోంది, మళ్లీ కదులుతోంది.

గంట కొట్టాక ఆయన స్టాఫ్ రూముకు వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. ఎవరైనా చేశారా అని అడిగాను.

"అందరూ బిందెలే గీసినారు బయ్యన్నా. ఒక్కరు గూడా దాటలేదు. శానా బాగా నేర్పినా."

టీ తెప్పించాను. చల్లారిపోయేదాకా ఆయన దాన్ని ముట్టుకోలేదు.